హాలు మధ్యలో మిగిలిపోయిన పిల్లరు

ప్రశ్న: గుంటూరులో మాది పాతికేళ్ల కిందట కట్టిన ఇల్లు. కింద మేము ఉంటున్నాం, పై అంతస్తు అద్దెకిచ్చాం. మూడేళ్ల కిందట తూర్పు వరండాను హాల్లో కలుపుకొన్నాం. మధ్య గోడ తీయించిన ఇంజనీరు గారు పిల్లరును మాత్రం తాకవద్దన్నారు. ఇప్పుడు హాలు తూర్పు పడమరలు 21 అడుగులు, ఉత్తర దక్షిణాలు 14 అడుగులు. పిల్లరు తూర్పు గోడకు 8 అడుగులు, దక్షిణపు గోడకు 5 అడుగుల దూరంలో ఉంది. మందం 14 అంగుళాలు, వెడల్పు 20 అంగుళాలు. సింహద్వారం తూర్పు గోడలో, లోపలికి వెళ్లే గుమ్మం పడమటి గోడలో, రెండూ ఉత్తరపు చివరనే ఉన్నాయి. సోఫా పడమటి గోడకు, టీవీ తూర్పు గోడకు ఉన్నాయి. సోఫాలో ఒక పక్క కూర్చున్న వాళ్లకు టీవీ కనపడదు. మామయ్యగారి దివాన్ ఆగ్నేయ మూలలో ఉంది. ఆయనకు శుక్లాల ఆపరేషన్ అయింది. రాత్రిపూట బాత్రూమ్‌కు వెళుతూ రెండుసార్లు పిల్లరు అంచుకు భుజం కొట్టుకున్నారు. మేస్త్రీ నాలుగు వైపులా రెండేసి అంగుళాలు చెక్కి సన్నం చేస్తానంటున్నాడు. మా ఆడపడుచు భర్త ఇనుప గర్డరు వేసి పిల్లరునే తీసేయవచ్చంటున్నారు. మా వారికి చెక్కతో గుండ్రంగా చేయించి అద్దాలు పెట్టించాలని ఉంది, కార్పెంటరుకు అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. హాలు నడుమ స్తంభం దోషమని అత్తయ్యగారి బెంగ. పిల్లరు అడుగున అడుగున్నర ఎత్తు వరకు రంగు పొట్టులా లేస్తోంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం:

అమ్మా, కొలతలన్నీ ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. మీ కొలతలను కాగితం మీద గీసుకుని చూశాను. మీరు చివరలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన రంగు సంగతి నాకు అన్నిటికంటే ముందు చూడవలసినదిగా కనిపించింది కాబట్టి దానికి తప్పక వస్తాను. అంతకంటే ముందు, మేస్త్రీ సుత్తి పట్టుకుని వచ్చేలోపు చెప్పవలసిన మాట ఒకటుంది.

మీ పిల్లరు పైకి 14, 20 అంగుళాలుగా కనిపిస్తున్నా, చుట్టూ ఉన్న ప్లాస్టరింగ్‌ను అంగుళం చొప్పున తీసేస్తే లోపలి కాంక్రీటు సుమారుగా 12, 18 అంగుళాలు ఉంటుంది. దాని మూలల్లోనూ పక్కల్లోనూ నిలువు ఊచలు, వాటిని చుట్టి పట్టుకున్న రింగులు ఉంటాయి. ఊచలకు గాలీ తేమా తగలకుండా వాటిపైన కాంక్రీటు పొర ఉండాలి. మన దేశంలో కాంక్రీటు కట్టడాలకు వర్తించే ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం ఇలాంటి పిల్లరులో ఆ పొర 40 మిల్లీమీటర్లకు, అంటే అంగుళంన్నర కంటే కొంచెం ఎక్కువకు తగ్గకూడదు. మేస్త్రీ చెక్కుతానన్న రెండంగుళాలలో మొదటి అంగుళం ప్లాస్టరింగ్‌కు పోతే, రెండో అంగుళం ఈ రక్షణ పొరలోంచి పోతుంది. మిగిలేది అరంగుళం పైచిలుకు మాత్రమే. ఎక్కడైనా ప్లాస్టరింగ్ పలచగా ఉంటే ఊచే బయటపడుతుంది. కాంక్రీటు వైశాల్యం 216 చదరపు అంగుళాల నుంచి 160కి పడిపోతుంది, అంటే బరువు మోసే ఒంట్లో నాలుగో వంతుకు పైగా పోయినట్లే. సుత్తి దెబ్బల అదురుకు మిగిలిన కాంక్రీటు కూడా ఊచలతో పట్టు కోల్పోవచ్చు. ఇంత చేసినా మీకు కలిసొచ్చేది ఒక్కో వైపు రెండంగుళాలు, అది కూడా మళ్లీ ప్లాస్టరింగ్ చేయకుండా వదిలేస్తేనే. పైన ఒక కుటుంబం కాపురముంటున్న ఇంట్లో ఈ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయించవద్దు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మీకు రెండో దారి చూపలేను.

గర్డరు వేసి పిల్లరును తీసేయడం అసాధ్యమని అనను. అయితే ఆ పని గర్డరుతో పూర్తి కాదన్న సంగతి మీ బంధువు గారికి తెలియాలి. ఈ పిల్లరు మోస్తున్న బరువు గర్డరు మీదుగా రెండు పక్కల పిల్లర్లకు చేరుతుంది, అక్కడి నుంచి వాటి పునాదులకు దిగుతుంది. ఆ పునాదులను అప్పట్లో వాటి వంతు బరువుకు మాత్రమే లెక్కగట్టి వేసి ఉంటారు. మీ వైపు చాలాచోట్ల నేల నల్లరేగడి, వానకు ఉబ్బి ఎండకు బీటలువారే మన్ను. అటువంటి నేలలో ఒక పునాదికి కొత్త బరువు ఎక్కిస్తే అది కొద్దిగా కుంగినా పై గోడలన్నీ పగుళ్లిస్తాయి. కాబట్టి స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి పునాది తవ్వించి చూడాలి, చుట్టుపక్కల పిల్లర్లనూ పునాదులనూ బలపరచాలి, పని జరిగినన్నాళ్లు శ్లాబుకు జాకీలు పెట్టి పై వాటాను ఖాళీ చేయించాలి. సోఫాలోంచి టీవీ సరిగా కనపడడం కోసం ఇంత పని పెట్టుకోవాలా అన్నది మీరు ఇంట్లో వాళ్లతో కూర్చుని తేల్చుకోవలసిన విషయం. నన్నడిగితే వద్దంటాను.

ఇక రంగు సంగతి. పిల్లరును చెక్కతో మూసేయాలన్న ఆలోచన ఏ రూపంలో ఉన్నా, మూసేముందు అది ఆరోగ్యంగా ఉందో లేదో తేల్చుకోవాలి. అడుగున అడుగున్నర వరకు రంగు లేవడానికి ఎక్కువగా కారణం నేల తేమ. వరండా గచ్చు సాధారణంగా హాలు కంటే కొన్ని అంగుళాలు పల్లంగా ఉంటుంది. కలిపేటప్పుడు మట్టి నింపి గచ్చు ఎత్తు చేసి ఉంటే, ఒకప్పుడు గాలి తగులుతూ ఉన్న పిల్లరు మొదలు ఇప్పుడు తేమ మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. ఆ తేమ పైకి పాకి, ఆరిపోయేటప్పుడు ఉప్పును పైకి తెచ్చి రంగును నెట్టేస్తుంది. గోకితే తెల్లటి పొడి రాలడం దీని గుర్తు. నిర్ధారించుకోవడానికి ఒక అడుగు చదరపు ప్లాస్టిక్ షీటును రంగు లేచిన చోటుకు కాస్త పైన, నాలుగంచులా టేపు వేసి అంటించి రెండు రోజులు వదిలేయండి. షీటు లోపలి వైపు, అంటే పిల్లరు వైపు నీటి బిందువులు పట్టితే తేమ లోపలి నుంచి వస్తున్నట్లు. బయటి వైపు మాత్రమే పట్టితే అది గదిలోని గాలి తేమ.

రెండో కారణం ఇంతకంటే తీవ్రమైనది, లోపలి ఊచ తుప్పు పట్టడం. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి తన మీది కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. అప్పుడు పిల్లరు మూలకు దగ్గరలో, ఊచ ఉన్న దారి వెంట, నిటారుగా ఒక చీలిక కనిపిస్తుంది. దాని పక్కన గోధుమరంగు మరక కారి ఉండవచ్చు. చిన్న సుత్తి పిడితో కింది నుంచి పైదాకా మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట గట్టి శబ్దం వస్తుంది, పొర విడిపోయిన చోట గుల్ల శబ్దం వస్తుంది. అయితే ప్లాస్టరింగ్ ఒక్కటే ఊడినా గుల్ల శబ్దమే వస్తుంది కాబట్టి శబ్దం విని కంగారు పడవద్దు. నిటారు చీలిక, గోధుమ మరక, గుల్ల శబ్దం మూడూ ఒకచోట కనిపిస్తే మాత్రం మిగతా పనులన్నీ ఆపి, అప్పట్లో గోడ తీయించిన ఇంజనీరు గారినే పిలిపించండి. ఊడిన కాంక్రీటు తీసి, ఊచ తుప్పు గీకి, తగిన మోర్టారుతో పూడ్చే పని ఆయన చెప్పినట్లు జరగాలి. ఉన్నది తేమ ఒక్కటే అయితే, పాడైన ఎత్తుకు ఇంకో అడుగు పైదాకా ప్లాస్టరింగ్ కొట్టించి, వేసవిలో కొన్ని వారాలు ఆరనిచ్చి, వాటర్‌ప్రూఫ్ ద్రావణం కలిపిన సిమెంటుతో మళ్లీ చేయించుకుంటే చాలా మటుకు కుదుటపడుతుంది. కింద నేలలో తేమ ఉన్నన్నాళ్లు పూర్తిగా పోతుందని హామీ ఇవ్వలేను.

ఇప్పుడు మీ వారి కోరిక. ఆయన ఇష్టాన్ని కాదనాలని కాదు గాని, గుండ్రం చేయడానికి ఒక లెక్క ఉంది. 14, 20 అంగుళాల దీర్ఘచతురస్రాన్ని ఒక వలయంలో ఇమడ్చాలంటే ఆ వలయం అడ్డుకొలత కనీసం ఎదురెదురు మూలల మధ్య దూరమంత ఉండాలి. అది సుమారు 24న్నర అంగుళాలు. చెక్క మందం, లోపలి పట్టీలు కలుపుకుంటే 27 అంగుళాలకు చేరుతుంది. సన్నం చేయాలని మొదలుపెట్టిన పని పిల్లరును రెండడుగులు దాటిన డ్రమ్ముగా మారుస్తుంది. పైగా నేల తేమ ఉన్న చోట ప్లైవుడ్‌తో మూసేస్తే లోపల గాలి ఆడదు, చెదలు లోపలే గూడు కట్టుకుని బయటపడేసరికి ఆలస్యమవుతుంది. విజయవాడలో కింది వాటా ఒకదానిలో ఇలాగే పిల్లరుకు కట్టిన పెట్టెను నేను దగ్గరుండి విప్పించాను. పైకి మెరుగు చెక్కుచెదరలేదు, లోపల పట్టీలు వేలితో నొక్కితే పిండి అయ్యాయి. ఇక అద్దాలు. అద్దం పిల్లరును కనపడనీయకుండా చేస్తుంది, అందుకే దాన్ని వాడతారు కూడా. కానీ మీ మామయ్యగారికి పిల్లరు ఇంకా బాగా కనపడాలి గాని మాయం కాకూడదు. రాత్రి మసక వెలుతురులో అద్దంలో దారి ముందుకు సాగినట్లు కనిపిస్తే ఈసారి భుజానికి బదులు నుదురు తగిలే ప్రమాదముంది. కాబట్టి ఆయన ఆ గదిలో మసలుతున్నన్నాళ్లు అద్దాలు వద్దని మీ వారికి నా మాటగా చెప్పండి.

అసలు చిక్కు ఎక్కడుందో చెబుతాను. గోడ తీసేసి రెండు గదులను ఒకటి చేసుకున్న తరువాత, మీరు సామాను ఆ రెండు గదుల రెండు కొసలకు సర్దారు. సోఫా ఒక కొసన, టీవీ ఇంకో కొసన ఉండేసరికి పిల్లరు చూపుకు అడ్డం వచ్చింది. టీవీ చూడడానికి ఇరవై అడుగుల దూరం ఎలాగూ ఎక్కువే. 43 అంగుళాల తెరను ఏడెనిమిది అడుగుల నుంచి చూస్తే హాయిగా ఉంటుంది, 55 అంగుళాలదైతే తొమ్మిదడుగులు. పిల్లరును గది నడుమ ఉన్న వస్తువుగా కాకుండా రెండు చోట్ల మధ్య హద్దుగా చూస్తే అది ఎవరికీ అడ్డం రాదు.

ఇలా చేసి చూడండి. టీవీని పడమటి గోడకు మార్చండి, దక్షిణపు గోడ నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర దాని నడిమి భాగం వచ్చేలా. సోఫాను తిప్పి, దాని వీపు పిల్లరుకు ఆనేలా, రెండంగుళాల సందు మాత్రం వదిలి, పడమటి ముఖంగా వేయండి. పిల్లరు పడమటి ముఖం నుంచి పడమటి గోడకు 11 అడుగుల 10 అంగుళాలు ఉంది. మూడడుగుల సోఫా, ఆ సందు పోగా ముందు ఇంకా ఎనిమిదిన్నర అడుగులు మిగులుతుంది. మీది ముగ్గురు కూర్చునే 7 అడుగుల సోఫా అనుకుంటే, దక్షిణపు గోడకు ఒక అడుగు వదిలి వేస్తే దాని రెండో కొస 8 అడుగుల దగ్గర ఆగుతుంది. పిల్లరు 5 నుంచి 6 అడుగుల 8 అంగుళాల మధ్య ఉంది కాబట్టి మొత్తం సోఫా వీపు వెనకే ఉండిపోతుంది. ఉత్తరాన రెండు గుమ్మాల మధ్య ఆరడుగుల దారి తిన్నగా మిగులుతుంది. ఒకరు హాయిగా నడవడానికి మూడడుగులు చాలు, ఆ లెక్కన ఇది ధారాళం. టీవీకి కరెంటు పాయింటు మార్చాలి. ఎలక్ట్రీషియన్ దగ్గరి దారని పిల్లరులో గాడి కొడతానంటే ఒప్పుకోవద్దు, గోడ వెంట కేసింగు పట్టీలో వైరు తీయించండి.

తూర్పున మిగిలిన 8 అడుగుల భాగం మళ్లీ వరండాలా పనికొస్తుంది. మామయ్యగారి దివాన్‌ను దక్షిణపు గోడ నుంచి తీసి తూర్పు గోడ వెంట, ద్వారం తలుపుకు తగలకుండా వేస్తే, ఆయన లేచి ఉత్తరం వైపు నాలుగడుగులు వేసి ఆ తరువాత పడమరకు తిరుగుతారు. ఇప్పుడు ఆయన మూల నుంచి మూలకు ఏటవాలుగా నడుస్తున్నారు, ఆ దారిలోనే పిల్లరు అంచు తగులుతోంది. దివాన్ మారాక కూడా ఈశాన్యం వైపు అంచు ఒకటి ఆయన దారికి దగ్గరలోనే ఉంటుంది కాబట్టి, నాలుగు నిలువు అంచులకూ ప్లాస్టరింగ్‌లోనే అంగుళం మేర గుండ్రం తీయించండి. ఇది కాంక్రీటును తాకని పని. తేమకు ప్లాస్టరింగ్ మార్పించేటప్పుడే ఇదీ అయిపోతుంది. గోడలు తెల్లగా ఉంటే పిల్లరుకు ముదురు రంగు, ఇటుక ఎరుపో ముదురు ఆకుపచ్చో వేయించండి. చూపు తగ్గిన వాళ్లకు తెల్ల గోడ ముందు తెల్ల పిల్లరు తెలియదు. గచ్చుకు అడుగు ఎత్తున, దారి పక్కనున్న గోడకు ఒక చిన్న రాత్రి దీపం చాలు.

ఈ అమరికలో నష్టం కూడా ఉంది. వ్రతానికో పుట్టినరోజుకో పాతికమంది వచ్చినప్పుడు హాలంతా ఒకటిగా కావాలంటే సోఫా జరపక తప్పదు, కాబట్టి దాని కాళ్లకు దళసరి గుడ్డ ముక్కలు అంటించుకోండి. గుమ్మంలోకి రాగానే సోఫా వీపు కనిపించడం అత్తయ్యగారికి నచ్చకపోవచ్చు. అలా అనిపిస్తే పిల్లరుకూ దక్షిణపు గోడకూ మధ్యనున్న అయిదడుగుల ఖాళీలో ఏదో ఒకటి నింపవచ్చు. నడుమెత్తు బీరువా పెడితే తూర్పు కిటికీల వెలుతురు, గాలి దాని మీదుగా లోపలికి వస్తాయి. పైదాకా చెక్క జాలీ పెడితే రెండు గదుల అందం వస్తుంది, కాని మే నెలలో మీకు ఆ తూర్పు గాలి ఎంత అవసరమో తలచుకుని జాలీ కన్నాలు పెద్దవిగా పెట్టించాలి. ఇటుక గోడ మాత్రం కట్టవద్దు. పునాది లేకుండా గచ్చు మీద నిలబెట్టిన గోడ ఆ నింపుడు మట్టి కుంగగానే పగులుతుంది.

అత్తయ్యగారి బెంగ గురించి ఒక మాట. వాస్తు చెప్పేవాళ్లు స్తంభం ఉండకూడదనే బ్రహ్మస్థానం ఇల్లు మొత్తానికి నడిమి చోటు, ఒక్క హాలుకు కాదు. మీ పిల్లరు తూర్పు గోడకు 8 అడుగుల లోపలే ఉంది. ఇంటి పొడవు కొలిచి, నడిమి బిందువు ఎక్కడ పడుతుందో ఆవిడకే చూపించండి. అది హాలు దాటి లోపలి గదుల వైపు పడుతుందని నా అంచనా. ఆవిడ నమ్మే పెద్దల చేత చెప్పిస్తే ఇంకా మంచిది.

దేనికీ డబ్బు పెట్టకముందే పాత దినపత్రికలను సోఫా కొలతకు, దివాన్ కొలతకు గచ్చు మీద పరచి, అందరూ వాటి చుట్టూ నడిచి చూడండి. తరువాత టీవీని స్టూలు మీద తాత్కాలికంగా పడమటి వైపు పెట్టి, నిజంగా సామాను జరిపి వారం రోజులు ఉండండి. ఆ వారంలో మామయ్యగారు రాత్రి ఎటు నడుస్తున్నారో గమనిస్తే దివాన్ ఎక్కడుండాలో తేలిపోతుంది. నేను కాగితం మీద గీసిన దానికంటే ఆయన అడుగులే నమ్మదగినవి.

కార్పెంటరుకు ఇచ్చిన అడ్వాన్సు వృథా కానక్కరలేదు. గుండ్రటి పెట్టెకు బదులు ఆ అయిదడుగుల ఖాళీకి బీరువా చేయమనండి. పొడవు నాలుగడుగుల పది అంగుళాలు, ఎత్తు రెండున్నర అడుగులు, లోతు ఒక అడుగు ఉంటే సరిపోతుంది. పిల్లరు వైపు, గోడ వైపు ఒక్కో అంగుళం ఖాళీ ఉండాలి. కింద నాలుగంగుళాల కాళ్లు పెట్టించండి, తుడిచే గుడ్డ కిందికి పోవాలి, చెదలు ఎక్కడం మొదలుపెడితే మీ కంటికి కనపడాలి. బీరువాను పిల్లరుకు మేకులతో బిగించకుండా విడిగా నిలబెట్టమని చెప్పండి. అయితే ప్లాస్టరింగ్ మార్చి, పిల్లరు మొదలు పూర్తిగా ఆరి, రెండోసారి అంటించిన ప్లాస్టిక్ షీటు లోపల చెమ్మ లేదని చూసుకున్నాకే దాన్ని ఇంట్లోకి తెప్పించండి.